హైదరాబాదు శిక్షణ నుంచి నేను తెచ్చిన లెక్క

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జూన్ నెలలో సొసైటీ నన్ను ఐదు రోజుల శిక్షణకు హైదరాబాదు పంపింది. చదవడంలో వెనుకబడిన పిల్లలకు ఎలా నేర్పాలి అన్నది ఆ శిక్షణ విషయం. వెళ్లొచ్చినవాళ్లు నివేదిక ఇవ్వాలన్నది కమిటీ నియమం. రాతపూర్వకంగా ఇచ్చాను. డబ్బు దాతలది కాబట్టి ఆ నివేదికను ఇక్కడ అందరి ముందూ చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. మూడు సంగతులు చెబుతాను. ఏం నేర్చుకున్నాను, ఎంత ఖర్చయింది, కమిటీని ఏం కోరుతున్నాను. మూడో సంగతి మీలో కొందరికి రుచించకపోవచ్చు. ఓపికగా వినాలని ముందే మనవి చేస్తున్నాను.

ముందుగా, నేను ఈ శిక్షణ ఎందుకు అడిగానో చెప్పాలి. పోయిన ఏడాది జనవరిలో మన ఏడో తరగతి పాప ఒకామె నానీ బడికి వచ్చింది. చేతిలో పింఛను ఆఫీసు నుంచి వచ్చిన కాగితం ఉంది. "టీచరమ్మా, మా పిల్ల ఏడు చదువుతోంది, దీంట్లో ఏముందో చదవమంటే చదవదు, మీరైనా చెప్పండి" అంది. పిల్ల పెంకితనంతో చదవడం లేదని ఆమె అనుకుంది. నేనూ అలాగే అనుకుని పాపను పిలిచి చదవమన్నాను. తల దించుకుని నిలబడింది. కాగితం చేతికిచ్చి మొదటి మాట మీద వేలు పెట్టాను. అక్షరాలు ఒక్కొక్కటే చెప్పింది. మాట రాలేదు.

ఆ పాపకు అర్ధ సంవత్సర పరీక్షలో తెలుగులో 62 మార్కులు వచ్చాయి. పేపరు దిద్దింది నేనే. ప్రశ్నలో మొదటి రెండు మాటల ఆకారం చూసి, కంఠతా వచ్చిన జవాబును బొమ్మ గీసినట్టు దించేసేదని తర్వాత తెలిసింది. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. బోర్డు మీద ఉన్నది తప్పు లేకుండా ఎక్కిస్తుంది. ముప్పై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెబుతున్న నాకు, బీఎడ్ చదివిన నాకు, నా ఎదుట బెంచీలో కూర్చున్న పిల్లకు చదవడం రాదని తెలియలేదు. ఇది ఆ పాప తప్పు కాదు. చూసి రాయడాన్ని నేను చదవడం అనుకున్నాను. తప్పు నాది.

ఇక శిక్షణ సంగతి. మొదటి రోజు పాఠం ఏమీ చెప్పలేదు. పరీక్షించడం నేర్పారు. ఇది ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో దేశమంతా వాడుతున్న పద్ధతి. ఒకే కాగితం మీద నాలుగు భాగాలు ఉంటాయి. కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ. పిల్ల ఏ తరగతిదైనా కాగితం అదే.

పిల్లను ఒక్కదాన్నే పక్కకు పిలిచి, కింద ఎదురెదురుగా కూర్చోవాలి. మొదట పేరా చదివించాలి. మూడు తప్పుల లోపు, వాక్యాన్ని వాక్యంలా చదివితే కథ ఇవ్వాలి. పేరాలో మాట మాటకూ ఆగిపోతే మాటల భాగానికి దిగాలి. తనకు నచ్చిన ఐదు మాటలు చదవమనాలి, నాలుగు సరిగ్గా రావాలి. అవీ రాకపోతే ఐదు అక్షరాలు. అక్కడా నాలుగు సరిగ్గా రావాలి. పిల్ల ఎక్కడ హాయిగా నిలబడిందో అది ఆమె మెట్టు. మొత్తం నాలుగు నిమిషాలు పడుతుంది. మార్కులు ఉండవు. మెట్టు పేరు మాత్రం రాసుకుంటాం.

మరి మనం పెట్టే పరీక్షలో ఇది ఎందుకు బయటపడలేదు? మన పరీక్ష రాత పరీక్ష, క్లాసంతటికీ ఒకేసారి జరుగుతుంది. పక్కవాడి పేపరు చూడటానికి, గుర్తున్నది రాయడానికి అందులో వీలుంది. ఒంటరిగా కూర్చుని గట్టిగా చదివేటప్పుడు ఆ వీలు లేదు. నలభై మంది కలిసి గట్టిగా చదివినా లాభం లేదు. పది మంది చదువుతారు, మిగతా ముప్పై మంది వాళ్ల వెనుక గొంతు కలుపుతారు.

మన పిల్లల విషయంలో ఈ పరీక్షకు రెండు జాగ్రత్తలు అవసరం. మన ఇళ్లలో ఎక్కువ మంది మాట్లాడేది ఉర్దూ. ఉర్దూలో ఎ, ఏ లకు, ఒ, ఓ లకు మన తెలుగులో ఉన్నంత తేడా లేదు. అందుకని పిల్ల 'కొడి' అని రాసి ఉన్నా 'కోడి' అన్నట్టు పలకవచ్చు. ళ ను ల అని, ణ ను న అని అనవచ్చు. అది యాస. చదవడం రాకపోవడం కాదు. దాన్ని తప్పుగా లెక్క వేయకూడదు. రెండోది దీనికి ఎదురు సంగతి. కొందరు గడగడా చదివేస్తారు కానీ అర్థం తెలియదు. అందుకని చదివించాక ఒక చిన్న ప్రశ్న అడగాలి. జవాబు ఉర్దూలో చెప్పినా తీసుకోవాలి. అర్థమైందా లేదా అన్నదే మనకు కావలసింది.

రెండో రోజు నుంచి నేర్పే పద్ధతి చెప్పారు. సూత్రం ఒక్కటే. పిల్లను తరగతిని బట్టి కాక మెట్టును బట్టి కూర్చోబెట్టాలి. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో అక్షరాల మెట్టు మీద ఉన్నవాళ్లంతా ఒక గుంపు, మాటల మెట్టు వాళ్లు ఒక గుంపు, పేరా దాటినవాళ్లు ఒక గుంపు. రోజుకు గంట, గంటన్నర అలా కూర్చుంటారు. మిగతా సమయం ఎవరి తరగతిలో వాళ్లే. పేరా చదవగలిగితే ఆ రోజే పై గుంపుకు పంపేస్తాం. ఏడాది చివరి దాకా ఆగనక్కరలేదు.

గుంపులో పని ఎలా సాగుతుందో అక్షరాల మెట్టు మీద చెబుతాను. మొదటి పది నిమిషాలు మాటలు. ఈ రోజు సంతలో ఏం చూశారు, ఇంట్లో ఏం వండారు, ఇలాంటివి. ఇది కాలక్షేపం కాదు. తెలుగు మాట చెవిన పడకపోతే కంటికి కనిపించినా గుర్తుపట్టలేరు. తర్వాత నాలుగు పెద్ద అక్షరాల వాక్యాలను టీచరు వేలు పెట్టి చదువుతుంది. పిల్లలు వేలు పెట్టి చదువుతారు. తర్వాత గుణింతం పటం. ఆ తర్వాత పటంలోని అక్షరాలతో మాటలు కట్టే ఆట. చివర పిల్ల తనకు నచ్చిన మాట నేల మీద సుద్దతో రాస్తుంది. మొదట అందరూ కలిసి, తర్వాత నలుగురైదుగురు, చివర ఒక్కొక్కరు. ఈ వరుస తప్పకూడదు. ఒక్కొక్కరూ చేసే భాగం వదిలేస్తే మళ్లీ గొంతు కలిపే పిల్లలే తయారవుతారు.

గుణింతం దగ్గర నాకు మన ఊరి సంగతి ఒకటి తట్టింది. మన పిల్లల్లో చాలామంది సాయంత్రం మక్తబ్‌కు వెళ్లి ఖాయిదా చదువుతారు. 'బే జబర్ బ, బే జేర్ బి, బే పేష్ బు' అని వాళ్లకు నోటికి వచ్చు. ఒకే అక్షరానికి పైన ఒక గీత పెడితే ఒక ధ్వని, కింద పెడితే ఇంకో ధ్వని అని ఆరేళ్లకే వాళ్లకు తెలుసు. తెలుగులో తలకట్టు, గుడి, కొమ్ము చేసే పని కూడా అదే. ఈ మాట చెప్పినప్పుడు నాలుగో తరగతి బాబు ఒకడు "అయితే గుడి అంటే జేర్ లాంటిదే కదా టీచర్" అన్నాడు. రెండేళ్లుగా గుణింతం బట్టీ పట్టినవాడికి ఆ రోజు గుణింతం ఎందుకో తెలిసింది. ఇన్నేళ్లూ వాడికి వచ్చిన దాన్ని పక్కన పెట్టి, రానిదాని నుంచి మొదలుపెట్టాం.

తెలుగు లిపిలో పిల్లలు ఎక్కడ ఆగుతారో కూడా ఈ పద్ధతిలో స్పష్టంగా కనిపిస్తుంది. మనం 56 అక్షరాలూ వరుసగా నేర్పి, తర్వాత గుణింతం, తర్వాత వత్తులు అంటాం. ఌ, ౡ లాంటి అక్షరాలు పిల్ల జీవితంలో ఒక్క మాటలో కూడా చూడదు. అవి నేర్చుకుంటూ నెలలు గడుస్తాయి. మాట చదివే రుచి మాత్రం దొరకదు. పది పన్నెండు అక్షరాలతోనే 'పలక', 'కల', 'తల', 'వల' చదివించవచ్చు. గుణింతం వచ్చాక తర్వాతి గోడ వత్తులు. చాలా వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉంటాయి. కానీ త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరంలా కనిపించవు. ఎక్కువగా వాడేవి కూడా అవే. 'అమ్మ', 'అన్న', 'కత్తి', 'పిల్ల' చూడండి. మాటల మెట్టు దాటి పేరా దగ్గర ఆగిన పిల్లల్లో ఎక్కువ మంది ఆగింది ఈ ఆరింటి దగ్గరే. వాటికి విడిగా అట్ట ముక్కలు చేసి పది రోజులు ఆడిస్తే చాలు.

నాలుగో రోజు ఈ పద్ధతి చరిత్ర చెప్పారు. అందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది. 2001 ప్రాంతంలో ముంబయి, వడోదర బడుల్లో ప్రథమ్ సంస్థ బాల్‌సఖి అనే కార్యక్రమం నడిపింది. అదే బస్తీకి చెందిన, చదువుకున్న యువతులు వెనుకబడిన పదిహేను, ఇరవై మంది పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి నేర్పారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, వారి తోటివారు దీని ఫలితాన్ని కొలిచారు. పిల్లలు మెరుగుపడ్డారు. ఆ ఇద్దరికీ మైకేల్ క్రెమర్‌తో కలిపి 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇలాంటి పరిశోధనలే దానికి ఆధారం.

కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. తర్వాత బీహారులో, ఉత్తరాఖండ్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఇదే శిక్షణ ఇచ్చి, ఇవే పుస్తకాలు, పటాలు ఇచ్చి పంపారు. మామూలు బడి వేళల్లో ఆ శిక్షణ, ఆ సామగ్రి మాత్రమే ఉన్నచోట ఫలితం దాదాపు ఏమీ కనిపించలేదు. ఎందుకంటే ఉపాధ్యాయులు వెనక్కి వెళ్లి తరగతి, సిలబస్ ప్రకారమే చెప్పుకుంటూ పోయారు. పటాలు గోడకు ఉండిపోయాయి. తర్వాత హర్యానాలో రోజుకో గంట దీనికే కేటాయించి, ఆ గంటలో పిల్లలను మెట్ల ప్రకారం మార్చి కూర్చోబెట్టి, అది జరుగుతోందా అని చూసే మనిషిని పెట్టారు. అప్పుడు ఫలితం వచ్చింది.

పెద్దలారా, ఇది విన్నప్పుడు నాకు చెమట పట్టింది. మీరు డబ్బు పెట్టి నన్ను శిక్షణకు పంపారు. నేను ఒక సర్టిఫికెట్టు, ఒక సంచి పటాలు పట్టుకుని వచ్చి మళ్లీ నా ఏడో తరగతికి వెళ్లిపోతే, ఈ ఖర్చంతా ఉత్తదే. గంట కేటాయించకుండా శిక్షణ ఒక్కటే పని చేయదు. ఆ శిక్షణ తీసుకుని వచ్చిన నేనే ఈ మాట చెబుతున్నాను.

ఇప్పుడు ఖర్చు లెక్క. కమిటీ నాకు 9,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చింది. శిక్షణ రుసుము మధ్యాహ్నం భోజనంతో కలిపి 2,500. కర్నూలు నుంచి రాను పోను బస్సు 800. హైదరాబాదులో సిటీ బస్సులు, ఆటోలు 620. పటాలు, అట్టలు, జిరాక్సు 740. మా అక్క ఇంట్లో ఉన్నాను కాబట్టి బసకు, రాత్రి భోజనానికి ఖర్చు లేదు. ఇది 4,660. నా నివేదికలో దీనికి ఇంకో 2,000 కలిపాను. నేను లేని ఐదు రోజులూ నా తరగతి చూసిన అమ్మాయికి రోజుకు 400 చొప్పున బడి ఇచ్చిన డబ్బు అది. అది శిక్షణ పద్దు కింద రాలేదు, జీతాల పద్దు కింద పోయింది. కానీ నేను వెళ్లడం వల్లే అయిన ఖర్చు కాబట్టి ఇక్కడే చూపాలి. మొత్తం 6,660. అడ్వాన్సులో మిగిలిన 4,340 రశీదులతో కోశాధికారి గారికి ఇచ్చేశాను. తర్వాత వెళ్లేవాళ్లకు హైదరాబాదులో బంధువులు ఉండకపోవచ్చు. వాళ్లకు బస ఖర్చు విడిగా లెక్క వేయాలి.

వచ్చిన తర్వాత ఏం చేశామో చెబుతాను. హెడ్మాస్టరు గారి అనుమతితో నేను, ఇంకో ఇద్దరు టీచర్లు మూడు రోజుల్లో మూడు నుంచి ఏడు తరగతుల పిల్లలను ఒక్కొక్కరినీ పరీక్షించాం. ఆ రోజుల్లో బడికి వచ్చినవాళ్లు 118 మంది. అక్షరాలు కూడా నిలకడగా రానివాళ్లు 9 మంది. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు 27. మాటల దగ్గర ఆగినవాళ్లు 31. పేరా చదివినవాళ్లు 24. రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 27. అంటే 67 మందికి ఒకటో తరగతి పేరా రాదు. వాళ్లలో ఆరుగురు ఏడో తరగతిలో ఉన్నారు. ఆ ఆరుగురూ తెలుగులో పాసైనవాళ్లే.

ఈ అంకెలు మన బడి పరువు తీస్తాయని ఒక పెద్దాయన నాతో అన్నారు. కానీ ఈ 67 మంది నిన్న పుట్టుకురాలేదు. మొన్నటిదాకా మనకు కనిపించలేదు. ఇప్పుడు కనిపించారు.

ఆ తర్వాత ఆరు వారాలు, అంటే 30 బడి రోజులు, అక్షరాల మెట్టు మీద ఉన్న 14 మందిని రోజుకు ఒక గంట నేనే తీసుకున్నాను. చివర మళ్లీ అదే విధంగా, కానీ వేరే పాఠంతో పరీక్షించాం. పరీక్షించింది నేను కాదు, ఇంకో టీచరు. నేర్పినవాళ్లే పరీక్షిస్తే తెలియకుండానే చేయి అందిస్తారు. ఐదుగురు పేరాకు వచ్చారు. ఆరుగురు మాటలకు వచ్చారు. ముగ్గురు అక్షరాల దగ్గరే ఉన్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు 30 రోజుల్లో 15 రోజులు కూడా రాలేదు. ఒకడు ఇంట్లో తమ్ముణ్ణి చూసుకుంటున్నాడు, ఇంకొకడు మెకానిక్ షాపుకు వెళుతున్నాడు. మూడోవాడు రోజూ వచ్చాడు. పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతున్నాడని నాలుగో వారంలో గమనించాను. కంటి డాక్టరుకు చూపిస్తే అద్దాలు కావాలన్నారు. పరీక్షించిన రోజే ఆ సంగతి నేను చూసి ఉండాల్సింది. ఇప్పుడు మా కాగితంలో కళ్లకు ఒక గడి పెట్టాం.

పద్నాలుగు మంది ఫలితం చూసి ఇది మంత్రమని మీరు నమ్మనక్కరలేదు. కొందరు మామూలుగా కూడా నేర్చుకునేవారేమో. ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ఇది పిల్లను కథ చదివే దాకా తెస్తుంది. ఏడో తరగతి సైన్సు నేర్పదు. బడికి రాని పిల్లకు ఏమీ చేయలేదు. పెద్ద పిల్లలను చిన్న పిల్లలతో కలిపి కూర్చోబెడితే సిగ్గుతో మానేస్తారు. ఏడో తరగతి అబ్బాయి ఒకడు మొదటి రోజు వచ్చి రెండో రోజు నుంచి రాలేదు. ఎందుకని అడిగితే "మా చెల్లి క్లాసులో కూర్చోబెట్టారు టీచర్" అన్నాడు. అది నా పొరపాటు. ఇప్పుడు ఆరు, ఏడు తరగతుల వాళ్లను వేరేగా, బడి వదిలే ముందు గంటలో కూర్చోబెడుతున్నాం. వాడు తిరిగి వస్తున్నాడు.

ఇక కమిటీని కోరేది. నాలుగు సంగతులు.

మొదటిది సమయం. మూడు నుంచి ఐదు తరగతులకు రోజూ మొదటి రెండు పీరియడ్లు, అంటే 80 నిమిషాలు, ఒకేసారి దీనికి కేటాయించాలి. మూడు తరగతులకూ ఒకే వేళ ఉంటేనే పిల్లలను మెట్ల ప్రకారం మార్చగలం. ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుంది? బోర్డు మీది నోట్సు ఎక్కించుకునే పీరియడ్ల నుంచి. ఆ నోట్సు 67 మంది చదవలేరు. పోగొట్టుకునేది ఏమీ లేదు. 50 బడి రోజులు చేసి ఆపి, మళ్లీ చూద్దాం.

రెండోది మనుషులు. మన పేటలోనే ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిలు ఉన్నారు. ఇద్దరిని నెలకు 5,000 గౌరవ వేతనం మీద నాలుగు నెలలు తీసుకోవాలి. అది 40,000. పటాలు, అట్టలు, చిన్న కథల పుస్తకాలకు పిల్లకు 60 చొప్పున 70 మందికి 4,200. మొత్తం 44,200. వాళ్లిద్దరికీ శిక్షణ నేనే ఇస్తాను. దానికి డబ్బు వద్దు.

ఈ సందర్భంలోనే నేను ముందే చెప్పిన కష్టమైన మాట. ఈ ఏడాది దాతలు రెండు డిజిటల్ బోర్డులకు డబ్బు పోగు చేస్తున్నారని అందరికీ తెలుసు. అంచనా 2,30,000. ఇచ్చేవారి మనసు గొప్పది. దాన్ని నేను కించపరచను. కానీ ఆ బోర్డు మీద కనిపించే అక్షరాలు కూడా అక్షరాలే. చదవలేని పిల్లకు అది మెరిసే బోర్డు, అంతే. బీహారు సంగతి ఇందాకే చెప్పాను. వస్తువు ఇచ్చి సమయం ఇవ్వకపోతే ఏమైందో చూశాం. బోర్డులు వద్దనడం లేదు. ఒక ఏడాది వాయిదా వేసి, ఆ డబ్బులో అయిదో వంతు కంటే తక్కువే అయ్యే ఈ పని ముందు చేయమంటున్నాను. బోర్డు మీద దాత పేరు ఉంటుంది, ఫొటోకు వస్తుంది. గుణింతం పటం మీద ఎవరి పేరూ ఉండదు. అది కూడా నాకు తెలుసు.

మూడోది చూసే కన్ను. సంవత్సరంలో మూడుసార్లు, మొదట, మధ్యలో, చివర, మెట్ల లెక్క ఒకే పేజీలో కమిటీకి ఇస్తాం. ప్రతిసారీ కమిటీలో ఒకరు, దాతల్లో ఒకరు వచ్చి, జాబితాలో తమకు తోచిన పది మంది పేర్లు ఎంచుకుని స్వయంగా చదివించాలి. నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాల పని. మేం రాసిన మెట్టు, మీరు విన్న చదువు ఒకటి కాకపోతే మమ్మల్ని నిలదీయండి. ఈ లెక్కకు మార్కులతో, జీతాలతో మాత్రం ముడి పెట్టకండి. ముడి పెడితే మేమే అంకెలు దిద్దేస్తాం. మనుషులం.

నాలుగోది ముందు ముందు శిక్షణల గురించి. ఒక్క టీచరును పంపకండి. హెడ్మాస్టరుతో కలిపి ఇద్దరిని పంపండి. టైంటేబులు మార్చే అధికారం ఉన్నవారు వినకపోతే, విన్నవారు తిరిగొచ్చి ఏమీ చేయలేరు. పంపే ముందే అడగండి: వచ్చాక ఏ పీరియడు మారుస్తారు? ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ ప్రయాణానికి డబ్బు ఇవ్వకండి. నాకైనా సరే.

ఆ పాప సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె ఇప్పుడు ఎనిమిదో తరగతి, మన బడి దాటి హైస్కూలుకు వెళ్లింది. వెళ్లే ముందు వేసవిలో వాళ్ల ఇంటి వరండాలో రోజూ ఒక గంట కూర్చున్నాం. ఇప్పటికీ సాయంత్రాలు మా ఇంటికి వస్తుంది. పేరా దాటింది, కథ ఇంకా తడబడుతోంది. పోయిన వారం ఈ సమావేశం ఆహ్వాన పత్రం మా బల్ల మీద ఉంటే తీసుకుని చదివింది. 'సర్వసభ్య' దగ్గర ఆగింది. ర్వ దగ్గర ఒకసారి, భ్య దగ్గర ఒకసారి. నేను చెప్పబోతుంటే చేయి అడ్డం పెట్టి, "ఆగండి టీచర్" అంది. కాసేపటికి తనే చదివింది. చదివి, "అంటే ఏంటి?" అని అడిగింది. సభ్యులందరూ కలిసేది అని చెప్పాను.

మీరందరూ కలిసిన ఈ రోజు, ఆ పాపకు ఆలస్యంగా అందినది మిగతా 67 మందికి సమయానికి అందేలా నిర్ణయించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.